ఖుర్ఆన్ వ్యాఖ్యానం: నోటి మాట నుంచి సంపుటాల దాకా (తరచుగా అడిగే ప్రశ్నలు)

తఫ్సీర్, అంటే ఖుర్ఆన్ వ్యాఖ్యానం గురించి ఎక్కడ చర్చ వచ్చినా ఎవరో ఒకరు తొలి పెద్ద వ్యాఖ్యాతల్లో ఒకరైన తబరీ పుస్తకంలోంచి ఒక పేజీ ఫొటో పెట్టి "చూడండి, తబరీయే ఇలా రాశాడు" అంటారు, ఇంకొకరు అదే పుస్తకంలోంచి దానికి పూర్తిగా ఉల్టా మాట తెచ్చి పెడతారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. ఆ పుస్తకాలు ఎలా తయారయ్యాయో తెలియకపోవడం వల్లే ఈ గొడవ. అందుకే మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాశాను. తఫ్సీర్ చరిత్ర మొత్తం ఇక్కడ దొరకదు, ముఖ్యంగా మొదటి మూడు శతాబ్దాల మీదే ఉంటాను. గాల్లో మాట్లాడకుండా ఒకే ఆయతు, అంటే ఒకే ఖుర్ఆన్ వాక్యం పట్టుకుని నడుస్తాను. అది రెండో సూరా, అంటే రెండో అధ్యాయం, 35వ ఆయతు: ఆదమును, ఆయన భార్యను స్వర్గవనంలో ఉండమని, ఇష్టమైనది తినమని, "ఈ చెట్టు దగ్గరికి మాత్రం వెళ్ళకండి" అని చెప్పిన ఆయతు.

ప్రవక్త ముహమ్మద్ ఉన్న రోజుల్లో వ్యాఖ్యానం అంటూ ఏమైనా ఉండేదా?

ఉండేది, కానీ పుస్తకంగా కాదు, కూర్చుని వరసగా చెప్పిన పాఠంగా కూడా కాదు. ఎవరికైనా అనుమానం వస్తే అడిగేవాళ్ళు, ఆయన చెప్పేవారు. హదీసులంటే ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనాలు; బుఖారీ హదీసు సంకలనంలో ఉన్న అదీ ఇబ్న్ హాతిమ్ అనే సహచరుడి సంగతి చూడండి. ఉపవాసాల గురించి చెబుతూ ఖుర్ఆన్ (2:187) తెల్లవారుజామున నల్ల దారం నుంచి తెల్ల దారం వేరుగా కనిపించేదాకా తినండి, తాగండి అంటుంది. అదీ ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకుని ఒక నల్ల తాడు, ఒక తెల్ల తాడు తలగడ కింద పెట్టుకుని రాత్రంతా తీసి చూస్తూ కూర్చున్నారు, ఏదీ తేడా తెలియలేదు. పొద్దున్నే వెళ్ళి ప్రవక్తకు చెబితే, అది రాత్రి చీకటి, పగటి వెలుగు అని ఆయన విడమరిచారు.

వ్యాఖ్యానం మొదటి రూపం ఇదే. ఒక మనిషి, ఒక అనుమానం, ఒక జవాబు. ఇలాంటివి హదీసుల్లో ఉన్నాయి కానీ ఖుర్ఆన్ మొత్తానికి సరిపడేటన్ని లేవు. మన చెట్టు ఆయతుకైతే, అది ఏ చెట్టో ప్రవక్త చెప్పినట్టు నమ్మదగిన ఉల్లేఖనం ఒక్కటీ లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆయన తర్వాత ఎవరిని అడిగేవాళ్ళు?

632లో ప్రవక్త చనిపోయాక సహాబాలను, అంటే ఆయన్ని చూసిన, ఆయనతో తిరిగిన వాళ్ళను అడిగేవాళ్ళు. వాళ్ళందరూ ఒకే ఊళ్ళో ఉండిపోలేదు. ఇబ్న్ మస్‌వూద్ ఇరాక్‌లోని కూఫాలో, ఉబయ్ ఇబ్న్ కఅబ్ మదీనాలో, ఇబ్న్ అబ్బాస్ ముఖ్యంగా మక్కాలో పాఠం చెప్పారు. ఏ ఊరి విద్యార్థులు ఆ ఊరి గురువు మాటే పట్టుకున్నారు. ఒకే ఆయతుకు కూఫాలో ఒక అర్థం, మక్కాలో ఇంకొక అర్థం ప్రచారంలోకి రావడానికి సగం కారణం ఇదే.

వీళ్ళందరిలో తఫ్సీర్‌కు పెద్ద పేరు ఇబ్న్ అబ్బాస్‌ది. ప్రవక్త చనిపోయేనాటికి ఆయనకు ఇంచుమించు 13 ఏళ్ళు. అంటే ఆయన చెప్పినదాంట్లో చాలా భాగం ప్రవక్త నోట నేరుగా విన్నది కాదు, పెద్ద సహాబాల ఇళ్ళకు వెళ్ళి అడిగి తెలుసుకున్నది, అరబ్బీ పాత కవిత్వం సాయంతో తేల్చుకున్నది. 687లో తాయిఫ్‌లో చనిపోయారు. ఆయన శిష్యుల్లో ముజాహిద్, సయీద్ ఇబ్న్ జుబైర్, ఇక్రిమా, అతా పేర్లు ఏ తఫ్సీర్ తెరిచినా పేజీకొకసారి కనిపిస్తాయి.

అప్పట్లో అసలు రాసేవాళ్ళే కాదా, అంతా జ్ఞాపకమేనా?

రాసేవాళ్ళు. ముజాహిద్ పలకలు పట్టుకుని ఇబ్న్ అబ్బాస్‌ను ఖుర్ఆన్ గురించి అడుగుతూంటే, ఆయన "రాసుకో" అంటూంటే తాను చూశానని ఇబ్న్ అబీ ములైకా అనే సమకాలీనుడు చెప్పాడు. ఖుర్ఆన్‌ను మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు ఇబ్న్ అబ్బాస్ ముందు చదివి, ఆయతు ఆయతుకూ ఆగి అడిగానని ముజాహిదే చెప్పుకున్నారు. కాకపోతే ఆ రాతలు సొంత నోట్స్ లాంటివి, జ్ఞాపకానికి ఊతం. కాగితం మీద ఉంది కదా అని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, గురువు నోట విన్నావా లేదా అన్నదే లెక్క.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అందరూ ఉత్సాహంగా వ్యాఖ్యానం చెప్పేవాళ్ళనుకోకండి. మదీనాలో సయీద్ ఇబ్న్ ముసయ్యబ్ అనే పండితుడు హలాల్, హరామ్ విషయాలు అడిగితే అందరికంటే బాగా చెప్పేవారట, ఏదైనా ఆయతు అర్థం అడిగితే మాత్రం విననట్టే ఊరుకునేవారట. దేవుడి మాటకు నా సొంత అర్థం అంటగడతానేమో అన్న భయం అది. ఆ భయం వల్లే తర్వాత తరాల్లో "ఈ మాట నీకెవరు చెప్పారు?" అనే ప్రశ్న అంత గట్టిగా నిలబడింది.

మరి ఆ చెట్టు గురించి మొదటి తరాలు ఏం చెప్పాయి?

ముఖ్యంగా మూడు జవాబులు వచ్చాయి: గోధుమ, ద్రాక్ష తీగ, అత్తి. ఇక్కడ చిత్రమేంటంటే, గోధుమ అన్నది ఇబ్న్ అబ్బాస్ మాటేనని ఒక ఉల్లేఖనం చెబుతుంది, ద్రాక్ష అన్నది కూడా ఇబ్న్ అబ్బాస్ మాటేనని ఇంకొకటి చెబుతుంది. ఒకే మనిషి రెండూ అన్నారా, లేక ఒకటి తర్వాత ఎవరో ఆయన పేరు మీద అంటగట్టారా? ఇలాంటప్పుడు ఉల్లేఖన పరంపర చూడాలి, దీన్నే ఇస్నాద్ అంటారు. ఫలానావారు నాకు చెప్పారు, ఆయనకు ఫలానావారు చెప్పారు అంటూ మొదటి మనిషి దాకా వెళ్ళే పేర్ల వరస.

గోధుమ మాట ఇలా వచ్చింది: ఇబ్న్ అబ్బాస్ నుంచి ఇక్రిమా, ఆయన నుంచి నజ్ర్, ఆయన నుంచి అబ్దుల్ హమీద్ హిమ్మానీ, ఆయన నుంచి ముహమ్మద్ ఇబ్న్ ఇస్మాయీల్ అహ్మసీ, ఆయన నుంచి తబరీ. ఇందులో నజ్ర్ దగ్గర తాడు తెగుతుంది, హదీసు పరిశోధకులు ఆయన్ని నమ్మదగినవాడిగా లెక్కించలేదు. ద్రాక్ష మాట కూఫాకు చెందిన సుద్దీ ద్వారా వచ్చింది. ఈయన పద్ధతి వేరే. ఇబ్న్ అబ్బాస్ నుంచి వచ్చింది, ఇబ్న్ మస్‌వూద్ నుంచి వచ్చింది, ఇంకా కొందరు సహాబాల నుంచి వచ్చింది, అన్నీ కలిపి ఒకే కథగా చెప్పేస్తారు. ఏ ముక్క ఎవరిదో విడదీయడం ఇక కుదరదు. అంటే రెండు పరంపరలూ గట్టివి కావు, కానీ రెండింట్లో లోపం ఒకటే రకం కాదు.

బైబిల్ కథల్లాంటివి తఫ్సీర్‌లోకి ఎలా వచ్చాయి?

ఖుర్ఆన్ పాత ప్రవక్తల కథల్ని పూర్తిగా చెప్పదు, అవసరమైనంత గుర్తు చేసి ముందుకెళ్ళిపోతుంది. విన్నవాళ్ళకు మిగతాది తెలుసుకోవాలని ఉంటుంది కదా. అప్పుడు యూదు, క్రైస్తవ సంప్రదాయాలు తెలిసినవాళ్ళను అడిగారు. యెమెన్‌కు చెందిన వహ్బ్ ఇబ్న్ మునబ్బిహ్ వీళ్ళలో బాగా పేరున్నవాడు. చెట్టు గురించి ఆయన మాట చూడండి: అది గోధుమే, కాకపోతే స్వర్గంలో దాని గింజ ఒక్కొక్కటి ఆవు మూత్రపిండమంత ఉంటుంది, వెన్న కంటే మెత్తన, తేనె కంటే తీపి. వినడానికి ఎంత బాగుంది! కానీ ఆయనకు ఇది ఎవరు చెప్పారు అంటే జవాబు లేదు.

ఇలాంటివాటిని ఇస్రాయీలియాత్ అంటారు. ఆ కాలంవాళ్ళకు వీటి సంగతి తెలియదనుకోవడం పొరపాటు. పైన చెప్పిన సుద్దీ ఉల్లేఖనంలోనే "అది ద్రాక్ష, యూదులేమో గోధుమ అంటారు" అన్న ముక్క ఉంది. అంటే ఏది ఎక్కడి నుంచి వస్తోందో వాళ్ళు గమనిస్తూనే ఉన్నారు.

మొదటి పూర్తి పుస్తకం ఎవరిది?

ఇప్పుడు మన చేతిలో ఉన్నవాటిలో మొదటి సూరా నుంచి చివరి సూరా దాకా ఉన్న అతి పాత వ్యాఖ్యానం ముఖాతిల్ ఇబ్న్ సులైమాన్‌ది. బల్ఖ్ ప్రాంతం మనిషి, 767లో చనిపోయారు. ఆయన రాసే తీరు చాలా సూటిగా ఉంటుంది. ఆయతులో ఒక ముక్క, పక్కనే "అంటే ఇది", మళ్ళీ ఇంకో ముక్క. చెట్టు దగ్గరికి వచ్చేసరికి గోధుమ కంకి అని చెప్పేసి ముందుకెళ్ళిపోతారు. వేరే అభిప్రాయాల ఊసు ఉండదు, ఎవరు చెప్పారన్నది దాదాపు ఉండదు.

చదవడానికి హాయిగా ఉంటుంది, హదీసు పండితులకు మాత్రం అదే పెద్ద తలనొప్పి. ఆయన వ్యాఖ్యానం ఎంత బాగుందో, మనిషి నమ్మదగినవాడైతే ఇంకెంత బాగుండేదో అన్న అర్థంలో హదీసు పండితుడు ఇబ్నుల్ ముబారక్ అన్న మాట చాలామంది ఎత్తి చూపుతారు. నా అభిప్రాయం అడిగితే, ముఖాతిల్‌ను చదవకుండా ఆ తొలి కాలం కథకుల గొంతు ఎలా ఉండేదో పట్టుకోవడం కష్టం. అయితే ఆయన చెప్పినదాన్ని సహాబాల మాటగా తీసుకోకూడదు.

వ్యాకరణ పండితులకు దీంతో ఏం పని?

చాలా పని. 800 ప్రాంతానికల్లా అరబ్బీ మాతృభాష కాని ముస్లింలు లక్షల్లో ఉన్నారు, ఖుర్ఆన్ వాక్యాల కట్టుబాటు వాళ్ళకు విడమరిచి చెప్పాలి. కూఫా సంప్రదాయానికి చెందిన ఫర్రా (మరణం 822), బస్రాకు చెందిన అబూ ఉబైదా ఈ పని మీద పుస్తకాలు చేశారు. ఫర్రా తన పుస్తకం జనం ముందు కూర్చుని చెబుతూ రాయించారు. దాని మీద ఒక కథ ప్రచారంలో ఉంది. నకళ్ళు రాసి అమ్ముకునేవాళ్ళు ఆ ప్రతులు దాచిపెట్టి, అయిదు ఆకులకు ఒక దిర్హమ్ అని రేటు పెంచేశారట. ఫర్రాకు తెలిసి, ఇంతకంటే వివరంగా ఇంకొకటి మళ్ళీ మొదటి నుంచి చెబుతానని కూర్చున్నారట. దెబ్బకు వాళ్ళు దిగొచ్చి రేటు సగానికి తగ్గించారట. అప్పటికే కాగితం, నకళ్ళ బజారు ఎంత పెద్దదో దీన్నిబట్టి తెలుస్తుంది. అది లేకపోతే తర్వాత వచ్చిన భారీ సంపుటాలు వచ్చేవి కావు.

తబరీ అంత పెద్ద పేరెందుకు? ఆయన చేసిన కొత్త పనేంటి?

తబరీ 839లో కాస్పియన్ సముద్రం దక్షిణాన ఆముల్‌లో పుట్టారు, రయ్, బస్రా, కూఫా, ఈజిప్టు అన్నీ తిరిగి ఊరూరి ఉల్లేఖనాలు పోగేసుకుని చివరికి బాగ్దాద్‌లో స్థిరపడ్డారు, 923లో అక్కడే చనిపోయారు. విడివిడిగా ఊళ్ళలో ఉండిపోయిన గొంతులన్నీ ఆయన పుస్తకంలో ఒకచోటికొచ్చాయి. ముప్ఫై వేల ఆకుల వ్యాఖ్యానం రాద్దామా అని శిష్యుల్ని అడిగితే, అది అయ్యేలోపు మా ఆయుష్షు అయిపోతుందని వాళ్ళన్నారట, అప్పుడు మూడు వేలకు కుదించారట. ఈ లెక్క అక్షరాలా నిజం కాకపోవచ్చు. కానీ ఒక శిష్యుడు హిజ్రీ 283 నుంచి 290 దాకా, అంటే దాదాపు 896 నుంచి 903 దాకా ఆయన చెబుతూంటే రాసుకున్నానని చెప్పాడు. అంతటి పుస్తకం కూడా నోటితో చెప్పి రాయించిందే, చదివి వినిపించి సరిచూసుకున్నదే. నోటి పాఠం పోయి పుస్తకం వచ్చిందనుకుంటాం కానీ, పుస్తకం పుట్టిందే నోటి పాఠంలో.

ఆయన పద్ధతి మన చెట్టు మీదే చూద్దాం. ముందు ఆయతు ఇస్తారు. పండితులు దీని మీద భిన్నంగా చెప్పారని ఒక వాక్యం. తర్వాత "గోధుమ అన్నవాళ్ళు" అని ఒక గుంపు, అందులో ఒక్కో ఉల్లేఖనం దాని పూర్తి పేర్ల వరసతో. వహ్బ్ చెప్పిన ఆవు మూత్రపిండాల గింజ ఈ గుంపులోనే ఉంటుంది. తర్వాత "ద్రాక్ష అన్నవాళ్ళు", తర్వాత "అత్తి అన్నవాళ్ళు". అన్నీ అయ్యాక తన తీర్పు. అందులో ఆయన చెప్పేదాని సారం ఇది: ఆ ఇద్దరూ ఆ చెట్టు పండు తిన్నారని దేవుడు చెప్పాడు, అది ఏ చెట్టో ఖుర్ఆన్‌లో చెప్పలేదు, నమ్మదగిన హదీసులోనూ లేదు. మరి మనకు ఎక్కడి నుంచి తెలుస్తుంది? తెలిసినా తెలిసినవాడికి లాభం లేదు, తెలియకపోయినా తెలియనివాడికి నష్టం లేదు.

ఇన్ని ఉల్లేఖనాలు ఓపిగ్గా పేర్చి చివర్లో "ఏదో తెలియదు" అనడం నాకు ఎప్పుడు చదివినా గొప్పగా అనిపిస్తుంది. అన్నిచోట్లా ఇలా ఆగరు. చాలాచోట్ల వ్యాకరణం, పాత కవిత్వం, వాక్యం ముందూ వెనకా చూసి "వీటిలో సరైనదానికి దగ్గరగా ఉన్నది ఇది" అని ఒకటి ఎంచుకుంటారు. ఆ మాట వచ్చేదాకా మీరు చదువుతున్నది తబరీ అభిప్రాయం కాదు.

అయితే బలహీనమైన ఉల్లేఖనాలు ఎందుకు పెట్టారు? తీసేయొచ్చు కదా?

ఆయన దృష్టిలో పేర్ల వరస ఇవ్వడమంటే పరీక్షించుకునే దారి ఇవ్వడం. ఆ కాలం చదువరికి నజ్ర్ అన్న పేరు కనబడగానే ఇది బలహీనమని అర్థమయ్యేది. తర్వాతివాళ్ళు పేజీలు తగ్గించడానికి ఆ వరసలు తీసేసి "ఇబ్న్ అబ్బాస్ ఇలా అన్నారు" అని మిగిల్చారు, అక్కడ మొదలైంది అసలు చిక్కు. ఇవాళ ఫోన్‌లో తిరిగే కొటేషన్లలో ఎక్కువ భాగం ఇలా వరస తెగినవే. పోల్చుకోవడం కష్టమేం కాదు. కొటేషన్‌లో పేర్ల వరస లేకపోయినా, దాని పక్కన ఉన్న వేరే అభిప్రాయాలు కోసేసి ఉన్నా, చివరి తీర్పు కనబడకపోయినా అసలు పేజీ తెరవకుండా వాదనకు దిగొద్దు.

"తఫ్సీర్ ఇబ్న్ అబ్బాస్" అని పుస్తకం దొరుకుతోంది కదా, అది ఆయన రాసిందేనా?

కాదు. తన్వీరుల్ మిఖ్బాస్ అనే పేరుతో, ఇబ్న్ అబ్బాస్ పేరు మీద అచ్చయి అన్ని భాషల్లో తిరుగుతున్న ఆ పుస్తకం కల్బీ అనే ఉల్లేఖకుడి పరంపర మీద నిలబడింది. సంప్రదాయ పండితులే ఆ పరంపరను అన్నిటికంటే బలహీనమైనదిగా పెట్టారు. దాంట్లో ముహమ్మద్ ఇబ్న్ మర్వాన్ అనే సుద్దీ కూడా చేరితే, అది అబద్ధాల గొలుసు అని 1505లో చనిపోయిన సుయూతీ నేరుగా రాశారు. ఈయన చిన్న సుద్దీ, పైన చెప్పిన కూఫా సుద్దీ వేరు. ఇద్దరినీ కలిపేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

ఇబ్న్ అబ్బాస్ మాటల్లో మంచి పేరున్న వరస అలీ ఇబ్న్ అబీ తల్హాది, ఈజిప్టులో ఉన్న ఆ ప్రతి కోసం ప్రయాణం చేసినా దండగ కాదని అహ్మద్ ఇబ్న్ హంబల్ అన్నట్టు చెబుతారు. దానికీ ఒక లోపం ఉంది: అలీ ఇబ్న్ అబీ తల్హా ఇబ్న్ అబ్బాస్‌ను నేరుగా వినలేదు. ఇక ఆధునిక విశ్వవిద్యాలయాల్లో వాదన ఇంకా లోతుగా నడుస్తోంది. పరంపరల వెనక నిజంగానే పాత రాతప్రతులు ఉన్నాయని ఫువాద్ సెజ్గిన్ వాదిస్తే, ఈ వ్యాఖ్యానాలు చాలా ఆలస్యంగా రూపు దిద్దుకున్నాయని జాన్ వాన్స్‌బ్రో 1977లో రాశారు. ప్రతి వరసనూ విడిగా పరీక్షించక తప్పదన్నదే నాకు సబబుగా అనిపిస్తుంది.

తబరీ తర్వాత ఇంకేం మిగిలింది?

చాలానే మిగిలింది, కానీ దిశ మారింది. ఉల్లేఖనాలు పోగేయడం అయిపోయాక వాటితో ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. జమఖ్షరీ (మరణం 1144) మక్కాలో కూర్చుని రాసిన కష్షాఫ్‌లో మన చెట్టుకు ఒక్క వాక్యమే: గోధుమ, లేదా ద్రాక్ష, లేదా అత్తి అంటారు, అంతే. ఆయన ధ్యాసంతా వాక్య నిర్మాణం మీద, పఠన భేదాల మీద. హిరాత్‌లో 1210లో చనిపోయిన ఫఖ్రుద్దీన్ రాజీకి చెట్టు పేరు అక్కర్లేదు, ఆయన ప్రశ్న వేరు. "దగ్గరికి వెళ్ళకండి" అన్నది గట్టి నిషేధమా, వెళ్ళకపోతే మేలు అన్న సలహానా? నిషేధమైతే, ప్రవక్త అయిన ఆదము పాపం చేసినట్టా? ఇలా పేజీలు నడుస్తాయి. డమాస్కస్‌లో ఇబ్న్ కసీర్ (మరణం 1373) మళ్ళీ పాత ఉల్లేఖనాలన్నీ తెచ్చి, తబరీ తీర్పు ఎత్తి రాసి, రాజీ కూడా అలాగే వదిలేశారని చెప్పి, అదే సరైనదని ముగిస్తారు. షియా పండితుల్లో ఇలాంటి పెద్ద వ్యాఖ్యానాలు తూసీ (మరణం 1067), తబ్రిసీ (మరణం 1153) రాశారు. తబ్రిసీని తబరీ అనుకుని కొటేషన్ పెట్టేవాళ్ళూ ఉన్నారు, పేరు జాగ్రత్తగా చూడండి.

అరబ్బీలోంచి వేరే భాషలోకి ఎప్పుడు వెళ్ళింది?

చాలా తొందరగా. తబరీ చనిపోయి యాభై ఏళ్ళు కాకముందే సామానీ పాలకుడు మన్సూర్ ఇబ్న్ నూహ్ (961–976) దగ్గరికి బాగ్దాద్ నుంచి ఆ పుస్తకం నలభై సంపుటాలుగా వచ్చింది. అరబ్బీలో చదవడం కష్టంగా ఉందని, అనువదించవచ్చా అని ఆయన మధ్య ఆసియా పండితుల్ని అడిగి, వాళ్ళు సరేనన్నాక పారసీకంలోకి మార్పించారు. అందులో పేర్ల వరసలు వదిలేశారు, కథలు నిలబెట్టారు.

ఇవన్నీ మన దాకా ఎలా వచ్చాయి? మన దేశానికి ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అదీ గట్టిదే. చాలా పుస్తకాలు ఒకటో రెండో రాతప్రతుల మీద వేలాడుతూ బతికాయి. తబరీ పుస్తకమే మొత్తంగా అచ్చయింది 1903 ప్రాంతంలో, కైరోలో. మహమూద్ షాకిర్, అహ్మద్ షాకిర్ సోదరులు 1950ల్లో ప్రతి పరంపరనూ పరిశీలిస్తూ మళ్ళీ అచ్చు మొదలుపెట్టి 16 సంపుటాలు తెచ్చారు, 14వ సూరా మధ్యలో ఆగిపోయింది. పైన నజ్ర్ గురించి చెప్పినలాంటి సంగతులు ఆ అచ్చు కింది వివరణల్లో దొరుకుతాయి.

778లో చనిపోయిన సుఫ్యాన్ సౌరీ వ్యాఖ్యానం అంటే తొలి తరం నోట్స్‌కు దగ్గరగా ఉన్న పుస్తకం. దాని రాతప్రతి ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ గ్రంథాలయంలో దొరికింది, ఇమ్తియాజ్ అలీ అర్షీ పరిష్కరించి 1965లో అక్కడే అచ్చు వేయించారు. ఇక మన హైదరాబాద్‌లో 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ ఉంది, అరబ్బీ ప్రాచీన గ్రంథాల ముద్రణకు అరబ్ దేశాల్లో కూడా పేరున్న సంస్థ, ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. 1480లో చనిపోయిన బిఖాయీ వ్యాఖ్యానం, ఆయతుకూ ఆయతుకూ సూరాకూ సూరాకూ మధ్య సంబంధం వెతికే పెద్ద పుస్తకం, 1969 నుంచి 1984 దాకా 22 సంపుటాలుగా ఇక్కడే అచ్చయింది.